సగటు 2.1 ఉన్నా బ్యాంకు ఎందుకు ఒప్పుకోలేదు?

ప్రశ్న: పలాసలో మాకు చిన్న జీడిపప్పు యూనిట్ ఉంది, నా ఒక్కడి యాజమాన్యమే. గత ఏడాది అమ్మకాలు 80 లక్షలు. 50 లక్షల యంత్రాల కోసం 10 శాతం వడ్డీకి, ఐదేళ్ల గడువుతో 40 లక్షల టర్మ్ లోన్ అడిగాను. మా ఆడిటర్ గారు వేసిన అంచనాల్లో అప్పు కట్టే సామర్థ్యాన్ని చూపే నిష్పత్తి, అంటే డీఎస్‌సీఆర్, సగటున 2.1 వచ్చింది. అయినా చెల్లింపు సామర్థ్యం చాలదని బ్యాంకు ఫైలు వెనక్కి ఇచ్చింది. ఇంటి ఖర్చుకు నెలకు 30 వేలు తీసుకుంటాను. తేడా ఎక్కడ వచ్చిందండీ?

జవాబు: మీరు పంపిన అంచనా పట్టికల్లో లెక్క తప్పు లేదండీ. పన్ను పోను మిగిలిన లాభానికి తరుగుదలను, టర్మ్ లోన్ వడ్డీని కలిపి, ఆ మొత్తాన్ని ఆ ఏడాది కట్టవలసిన అసలు, వడ్డీలతో భాగిస్తే వచ్చేదే డీఎస్‌సీఆర్. తరుగుదల చేతినుంచి పోయే డబ్బు కాదు గనుక దాన్ని తిరిగి కలుపుతారు. భాగించే మొత్తంలో వడ్డీ కూడా ఉంది గనుక దాన్నీ లాభానికి తిరిగి కలుపుతారు. మొదటి ఏడాది మీ లాభం 4.5 లక్షలు, తరుగుదల 7.5 లక్షలు, వడ్డీ 4 లక్షలు, మొత్తం 16 లక్షలు. కట్టవలసినది అసలు 8, వడ్డీ 4, కలిపి 12 లక్షలు. నిష్పత్తి 1.33.

మరి 2.1 ఎలా వచ్చిందంటే, ఐదో ఏడాదికి ఆ 16 లక్షలు 27 లక్షలకు పెరుగుతాయని, అప్పు తరిగి కట్టవలసినది 8.8 లక్షలకు దిగుతుందని వేశారు కాబట్టి ఆ ఒక్క ఏడాది నిష్పత్తి మూడు దాటింది. చాలా బ్యాంకులు సగటు 1.5కు పైన ఉండాలని, ఏ ఒక్క ఏడాదీ సుమారు 1.2కు తగ్గకూడదని చూస్తాయి; హద్దు బ్యాంకును బట్టి మారుతుంది. అధికారి దృష్టి ముందు పడేది అతి తక్కువ నిష్పత్తి ఉన్న ఏడాది మీదే, ఎందుకంటే వాయిదా తప్పే ప్రమాదం అప్పుడే ఎక్కువ.

ఇక్కడే మీ ఇంటి ఖర్చు వస్తుంది. సొంత యాజమాన్యంలో యజమాని తీసుకునే డబ్బు లాభనష్టాల ఖాతాలో ఖర్చుగా కనిపించదు, మూలధనం నుంచి తగ్గుతుంది. కాని ఏడాదికి 3.6 లక్షలు మీ జేబులోకి వెళ్తాయి గనుక వాయిదాకు మిగిలేది 12.4 లక్షలే, నిష్పత్తి 1.03. బ్యాంకు స్టేట్‌మెంట్ చూసిన అధికారి ఈ తీసివేతను తానే చేసి ఉంటారని నా అంచనా.

ఆ తరువాత వారు అంచనాలను ఒకసారి కుదిపి చూస్తారు. మీ మొదటి ఏడాది అమ్మకాలు 120 లక్షలని, జీడి పిక్కల ఖరీదు 90 లక్షలని ఉంది. పప్పు ధర కదలకుండా పిక్కల ధర 5 శాతం పెరిగితే చాలు, 4.5 లక్షలు పోతాయి, మిగిలిన 7.9 లక్షలతో 12 లక్షల వాయిదా కట్టలేరు. పైగా 80 లక్షల నుంచి ఒక్క ఏడాదిలో 120 లక్షలకు ఎలా చేరతారో చూపే ఆర్డర్లు గాని, జీఎస్టీ రిటర్నుల్లో కనిపించే పెరుగుదల గాని మీ ఫైలులో లేవు. ఆ అంకెను ఆధారం లేకుండా వదిలేయడమే నాకు అన్నిటికన్నా బలహీనంగా కనిపించింది.

గడువును ఏడేళ్లకు పెంచమని అడగడం మొదటి ఆలోచన. అసలు ఏడాదికి సుమారు 5.7 లక్షలకు తగ్గి, వడ్డీతో కలిపి 9.7 లక్షలవుతుంది, నిష్పత్తి 1.28కు వస్తుంది. కాని పిక్కల ధర పెరిగే పరీక్షలో అది 0.81 మాత్రమే. అదే ఏడేళ్ల గడువుతో అప్పు 28 లక్షలకు తగ్గించి మిగిలిన 22 లక్షలు మీరు పెట్టగలిగితే కట్టవలసినది ఏడాదికి 6.8 లక్షలే: మామూలుగా 1.82, ధర పెరిగినా 1.16. అంత పెట్టుబడి లేకపోతే యంత్రాలన్నీ ఒకేసారి కొనకండి. ముందుగా ఏ యంత్రం లేక పని ఆగుతోందో దానికే అప్పు అడిగి, రెండో విడతను ఆ ఏడాది అమ్మకాలు చూపించి అడగండి. అప్పుడు అమ్మకాల అంచనానూ ఆ మేరకు తగ్గించి వేయాలి.

ఈ నిష్పత్తి చూపించని సంగతి ఒకటుంది. వేసవిలో పిక్కలు కొని గోదాములో నిల్వ చేస్తే, లాభమని లెక్కలో ఉన్న డబ్బులో కొంత బస్తాల్లో చిక్కుకుంటుంది. నిల్వ పెరిగిన మేరకు, సరుకు మీద బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ పరిమితి పెరగకపోతే, నిష్పత్తి 1.8 ఉన్నా వాయిదా రోజున ఖాతా ఖాళీగా ఉండవచ్చు. అందుకే ఫైలు మళ్లీ ఇచ్చేటప్పుడు నెలవారీ నగదు రాకపోకల పట్టిక జతచేసి, ఇంటి ఖర్చును అందులో విడిగా చూపించి, యంత్రాలు బిగించి పప్పు అమ్మకం మొదలయ్యే నెల వరకు అసలు వాయిదాలు కట్టకుండా ఉండే వెసులుబాటు, అంటే మారటోరియం, అడగండి.