చింటూకి ఒక చిన్న బుట్ట

చి.ల.సౌ. లావణ్యకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు ఏడో నెల వచ్చిందని, బిడ్డ పుట్టిన రోజున మీ పెద్దాడు చింటూకి పెద్ద బ్యాటరీ కారు ఇవ్వాలనుకుంటున్నావని నిన్న మీ అమ్మ చెప్పింది. కారు కొనేముందు ఈ ఉత్తరం చదువమ్మా.

మా కోడలి రెండో కాన్పప్పుడు నేనూ అలాంటి పనే చేశాను. పెద్ద మనవరాలికి అప్పుడు మూడేళ్లు. చెల్లి తెచ్చిందని చెప్పి మూడు చక్రాల సైకిల్ ఇచ్చాం. "చెల్లి కొట్టుకి ఎలా వెళ్లింది?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. నాలుగో రోజుకి సైకిల్ వరండాలో మూలన పడింది. తొక్కాలంటే వెనక ఒకరుండాలి, మేమంతా పసిదాని చుట్టూనే ఉన్నాం. కోడలు పాలివ్వడానికి కూర్చుంటే చాలు, వచ్చి చెంగు లాగేది. ఒకరోజు పాప కాలు గిల్లేసింది. దానికి ఏ వేళ కష్టంగా ఉందో నాకు అప్పుడు తెలిసింది.

పుట్టిన కొత్తలో బిడ్డ రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది, ఒక్కోసారి అరగంట పడుతుంది. అంతసేపూ అమ్మ ఎదురుగానే ఉంటుంది, ఒడి మాత్రం ఖాళీ ఉండదు. అందుకని, చింటూకిచ్చే కానుక ఆ అరగంటలో నీ పక్కన కూర్చుని వాడుకునేదై ఉండాలి.

ఒక చిన్న వెదురు బుట్ట తీసుకో. అందులో ఒక గుడ్డబొమ్మ, దాన్ని చుట్టడానికి పాత చీర ముక్కలు రెండు, అట్టల బొమ్మల పుస్తకం, నాలుగైదు లావుపాటి రంగు పెన్సిళ్లు పెట్టు. పూసలు, గుండీ బ్యాటరీలుండే ఆటవస్తువులు వద్దు. పక్కనే పసిబిడ్డ ఉంటుంది. "నువ్వు అన్నయ్యవి అయినందుకు అమ్మానాన్నలు ఇచ్చారు" అని నిజమే చెప్పు. ఆ బుట్ట ఎప్పుడూ అలమరలో ఉండాలి, నువ్వు పాలిచ్చేటప్పుడే కిందికి దిగాలి. రోజంతా చేతిలో ఉంటే రెండు రోజుల్లో మొహం మొత్తుతుంది. మా పెద్దదానికి ఆలస్యంగానైనా ఇలా ఇచ్చాక, పాప ఏడిస్తే ముందు అదే అలమర దగ్గరికి పరిగెత్తేది.

బుట్ట అప్పుడిద్దువు గాని, ఆ అలవాటు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టు. రోజూ మధ్యాహ్నం పది నిమిషాలు నువ్వు పాలివ్వబోయే చోటే కూర్చుని, ఒడిలో దిండు పెట్టుకుని, చింటూని ఎడమ పక్కన కూర్చోబెట్టి కథ చెప్పు. అది వాడి చోటు. బిడ్డ వచ్చాక ఆ చోటు మారకూడదు.

మెత్తబడ్డ నేత చీరలు చింపి, ఉతికి ఆరేసి, పొత్తిగుడ్డలు వాడితో మడత పెట్టించు. వంకరగానే మడుస్తాడు. వాడి ముందు మళ్లీ సరిచేయకు, అలాగే దొంతర పెట్టు. వాడు చూస్తాడమ్మా, అన్నీ చూస్తాడు. పుట్టబోయే బిడ్డకి గిలక్కాయ కూడా వాడే ఎంచుకోవాలి. రెండు చూపించి ఏది కావాలో అడుగు, ఆసుపత్రికి వాడి చేతే తెప్పించు.

స్నానం, నిద్రపుచ్చడం ఈ నెలలోనే మీ ఆయనకి అప్పగించు. ఆపరేషన్ అయితే దాదాపు ఆరు వారాలు నువ్వు చింటూని ఎత్తుకోకూడదు. అప్పుడు మారిస్తే, బిడ్డ వచ్చి అమ్మని తీసుకుపోయిందనుకుంటాడు.

ఆసుపత్రికి వాడు వచ్చేసరికి నీ చేతులు ఖాళీగా ఉండాలి, బిడ్డ ఉయ్యాలలో ఉండాలి. ముందు వాణ్ణి దగ్గరికి తీసుకో. బిడ్డని ముట్టుకుంటానంటే చేతులు కడిగించి పాదాలు చూపించు. ఎత్తుకుంటానంటే మంచం మీద గోడకి ఆనించి కూర్చోబెట్టి, ఒళ్లో దిండు పెట్టి, బిడ్డ మెడ కింద నీ చెయ్యి వదలకుండా ఉంచు. ఒక్క విషయంలో జాగ్రత్త. ప్రేమకొద్దీ బిస్కెట్ ముక్కో తేనె చుక్కో బిడ్డ నోట్లో పెడతారు పిల్లలు. కాబట్టి ఇద్దర్నీ ఒంటరిగా వదలకు.

కొన్ని వారాలు మళ్లీ పక్క తడపొచ్చు, పాలసీసా అడగొచ్చు. "పెద్దాడివి, సిగ్గులేదా" అనకు. ఓసారి సీసాతో ఇచ్చినా నష్టమేం లేదు, మూడు రోజుల్లో వాడే విసుగుపడతాడు.

"ఆడుకోవడానికి తమ్ముడొస్తాడు" అని మాత్రం ఇప్పటి నుంచీ ఆశపెట్టకండి. తమ్ముడో చెల్లో మనకి తెలియదు, ఎవరైనా ముందు పాలు తాగి, ఏడ్చి, నిద్రపోవడమే. అదే చెప్పండి.

బారసాలకి వచ్చేవాళ్లలో "ఇక నిన్నెవరు చూస్తార్రా" అని నవ్వేవాళ్లుంటారు. వాళ్లకి చెప్పడం నీకు మొహమాటంగా ఉంటుంది. ఆ పని నాకొదిలెయ్. ముందురోజే వచ్చి గుమ్మం దగ్గర నేనే కూర్చుంటాను.

మీ పెద్దమ్మ