‘మేము’లో ఎవరెవరున్నారు?

సందేహం: ఇంట్లోవాళ్లం అప్పు చేసి పెట్టిన హోటల్‌ను అనంతపురంలో మా నాన్న పాతికేళ్లుగా నడుపుతున్నారు. వార్షికోత్సవం రోజు సిబ్బందికి, పాత కస్టమర్లకు కృతజ్ఞతలు చెబుతూ ఆయన చదవడానికి నేనే ప్రసంగం రాశాను. అందులో కొంత ఇది: “చిన్న అంగడితో మొదలుపెట్టాం. మేము రాత్రింబవళ్లు కష్టపడ్డాం. మా సిబ్బంది మాకు చక్కగా సహకరించారు. మా కస్టమర్లు మమ్మల్ని ఆదరించారు. మనమంతా ఇలాగే ముందుకు వెళ్దాం.” వంటగదిలో చదివి వినిపిస్తే మా దోసె మాస్టరు, “ఇందులో మేము ఉండామా లేదా నాయనా?” అని అడిగాడు. నాకు తప్పేమీ కనిపించలేదు. అన్నిచోట్లా ‘మనం’ అని మార్చేస్తే సరిపోతుందా?

సమాధానం: సరిపోదు. అయితే మీ మాస్టరు అడిగిన ప్రశ్న మాత్రం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. ఆయన వ్యాకరణం పేరెత్తకుండానే వ్యాకరణం మాట్లాడాడు.

వింటున్నవాణ్ణి కలుపుకుంటే ‘మనం’, బయట ఉంచితే ‘మేము’. ఇది మనందరికీ పుట్టుకతో వచ్చిన తేడానే. ఇద్దరే మాట్లాడుకుంటున్నప్పుడు ఎవరూ తడబడరు. చిక్కంతా సభలో వస్తుంది. మీ నాన్నగారి ఎదుట రెండు రకాల వాళ్లు కూర్చుంటారు. కస్టమర్లకు ‘మేము’ అంటే యజమాని, సిబ్బంది కలిసి. సిబ్బందికి అదే మాట యజమాని, ఆయన ఇంట్లోవాళ్లు అన్నట్టు వినిపిస్తుంది. ఒకే వాక్యం, రెండు వరసల్లో రెండు అర్థాలు.

మీ ప్రసంగంలో “మేము రాత్రింబవళ్లు కష్టపడ్డాం” దగ్గర ఆగిపోయి ఉంటే మాస్టరుకు అనుమానం వచ్చేది కాదేమో. ఆ ‘మేము’లో తానూ ఉన్నాననుకునేవాడు. తరువాతి వాక్యం ఆ తలుపు మూసేసింది. “మా సిబ్బంది మాకు సహకరించారు” అనగానే కష్టపడినవాళ్లు ఒక పక్క, సహకరించినవాళ్లు ఇంకో పక్క అయిపోయారు. సహకరించడం అంటే వేరేవాళ్ల పనికి చేయి అందించడం. పొయ్యి దగ్గర నిలబడి దోసెలు పోసినవాడు తన పనే చేశాడు, అదే హోటల్ పని. పైగా ఎదురుగా కూర్చున్నవాళ్ల గురించి ‘మా సిబ్బంది సహకరించారు’ అని ఊళ్లో లేనివాళ్ల గురించి చెప్పినట్టు చెప్పారు. అక్కడ ‘మీరు’ అని ముఖం చూసి పలకాలి.

ఇంకో సంగతి. “చిన్న అంగడితో మొదలుపెట్టాం” అన్న మొదటి వాక్యంలో సర్వనామమే లేదు. తెలుగులో ‘మేము’కూ ‘మనం’కూ క్రియ ఒకటే. మేము మొదలుపెట్టాం, మనం మొదలుపెట్టాం. కాబట్టి సర్వనామం వదిలేస్తే వినేవాళ్లు ఎవరికి తోచినట్టు వాళ్లు కలుపుకుంటారు. కలుపుకోవాలనే మీ ఉద్దేశమైతే ఇది మంచి ఉపాయం. స్పష్టత కావాల్సిన చోట మాత్రం పనికిరాదు.

ఒక్క రూపం మాత్రం ఈ తేడాను క్రియలోనే దాచుకుంది. అది మీ చివరి వాక్యంలోని ‘వెళ్దాం’. చేద్దాం, తిందాం, కూర్చుందాం, ఇవన్నీ ‘మనం’తోనే పొసుగుతాయి. “మేము వెళ్దాం” అని ఎవరూ అనరు. “మేము వెళ్దామనుకుంటున్నాం” అంటాం కదా అని మీకు అనుమానం రావచ్చు. అక్కడ ‘వెళ్దాం’ అనేది ఆ ‘మేము’లోని వాళ్లు తమలో తాము అనుకున్న మాట, కాబట్టి అది నియమానికి విరుద్ధం కాదు.

అన్నిటినీ ‘మనం’ చేస్తే ఏమవుతుందో చూడండి. “మనం రాత్రింబవళ్లు కష్టపడ్డాం” అని కస్టమర్ల వైపు చూసి అంటే అది నిజం కాదు; వాళ్లు వచ్చి తిని వెళ్లారు, గిన్నెలు కడగలేదు. “మనం అప్పులు చేశాం” అని సిబ్బందితో అంటే అదీ నిజం కాదు, నోటు మీద సంతకం పెట్టింది మీ ఇంట్లోవాళ్లు. కృతజ్ఞత చెప్పే వాక్యంలోనూ ఇబ్బందే. చెప్పేవాడూ పుచ్చుకునేవాడూ ఒకే ‘మనం’లో ఉంటే కృతజ్ఞత ఎవరు ఎవరికి చెప్పినట్టు? అక్కడ ‘నేను’ గానీ ‘మేము’ గానీ రావాలి. కస్టమర్ల వైపు తిరిగి, “మన కోసం వండి వడ్డించిన వీళ్లకు మనమంతా చప్పట్లు కొడదాం” అంటే మాత్రం చక్కగా కుదురుతుంది. అందులో సిబ్బంది బయటే ఉన్నారు, కానీ గౌరవంగా ఉన్నారు.

‘మా’ అనే మాటకు భయపడి పారిపోవద్దు. ఒక్కగానొక్క కొడుకు కూడా “మా అమ్మ” అంటాడు, ఒంటరిగా ఉండేవాడు కూడా “మా ఇల్లు” అంటాడు. తెలుగులో సొంతాన్ని బహువచనంలో చెప్పడమే మర్యాద. అందుకే కస్టమర్లతో “మా హోటల్”, “మా వాళ్లు” అనడంలో ఏ అహంకారమూ లేదు. “నా హోటల్”, “నా సిబ్బంది” అంటేనే చెవికి గుచ్చుకుంటుంది. అదే ‘మా హోటల్’ను సిబ్బంది ముఖం చూసి అంటే దూరం పెట్టినట్టవుతుంది. ఏళ్లుగా వచ్చే కస్టమర్లు తామే “మన హోటల్” అంటూ ఉంటారు. వాళ్ల చనువును అందుకుని ఆయనా ఒకసారి అలా అంటే బాగుంటుంది.

మీ జిల్లాలో ఈ తడబాటు రావడానికి ఇరుగుపొరుగు భాషలు కూడా కొంత కారణం కావచ్చు. ఇప్పటి కన్నడంలో రెండింటికీ ‘నావు’ ఒకటే, ఉర్దూలో ‘హమ్’ ఒకటే, ఇంగ్లిషులోనూ అంతే. తమిళం మాత్రం మనలాగే రెండింటినీ విడిగా ఉంచుకుంది. ముందు ఇంగ్లిషులో ఆలోచించి రాసిన ప్రసంగాల్లో ఈ పొరపాటు మరీ ఎక్కువగా కనిపిస్తుంది.

సరిచూసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. కాగితం మీద ప్రతి ‘మేము’ పక్కన, ప్రతి ‘మనం’ పక్కన అందులో ఎవరెవరున్నారో పెన్సిల్‌తో రాయండి. రాయడం కుదరకపోతే వాక్యం విడగొట్టి, మనుషులను విడిగా చెప్పి, ఆ తరువాత ‘మేమందరం’ అనండి. మీ ప్రసంగాన్ని నేనైతే ఇలా మారుస్తాను.

కస్టమర్ల వైపు చూసి: “పాతికేళ్ల కిందట చిన్న అంగడితో మొదలుపెట్టాను. పెట్టుబడికి ఇంట్లోవాళ్లం అప్పు చేశాం. ఆ తరువాతి కష్టం ఒక్క మా ఇంటిది కాదు. నేను, మా ఇంట్లోవాళ్లు, వంటగదిలో ఉన్నవాళ్లు, వడ్డించేవాళ్లు, బల్లలు తుడిచేవాళ్లు, మేమందరం కలిసి పడ్డాం. మీరు రోజూ వచ్చారు. రుచి తగ్గిన రోజు మొహం మీదే చెప్పారు, మర్నాడు మళ్లీ వచ్చారు. మా అందరి తరఫున మీకు కృతజ్ఞతలు.”

సిబ్బంది వైపు తిరిగి: “ఇప్పుడు మీతో ఒక మాట. పొద్దున ఉగ్గాణికి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెళ్లకూడదని మనం తెల్లవారకముందే పొయ్యి వెలిగించాం. వచ్చిన పేరు మనది. మీరు లేకుంటే నేను గల్లాపెట్టె దగ్గర ఒక్కణ్ణే కూర్చుని ఉండేవాణ్ణి. మీకు నా కృతజ్ఞతలు.”

అందరితో: “పదండి, అందరం కలిసి భోంచేద్దాం.”

‘ముందుకు వెళ్దాం’ ఏ సభలోనైనా వినిపించేదే కాబట్టి తీసేశాను. ‘భోంచేద్దాం’లో కస్టమర్లు, సిబ్బంది ఇద్దరూ ఉన్నారు, కాబట్టి ఆ పూట సిబ్బందికి కూడా అదే పంక్తిలో వడ్డన జరిగేలా చూడండి, లేకపోతే వాక్యం తప్పవుతుంది. నాన్నగారికి ఇచ్చే కాగితంలో ఎటు తిరిగి చదవాలో కూడా పెద్ద అక్షరాలతో రాసివ్వండి. కస్టమర్లను చూస్తూ రెండో భాగం చదివితే ‘మనం’ మళ్లీ తారుమారవుతుంది.