అన్నం మెత్తగా అయిందన్న మాట దగ్గర నాకు తెలిసిన తేడా

ప్రశ్న: పెళ్లయి నాలుగేళ్లు. మా ఆయన రోజూ ఏదో ఒక చిన్న దానికి వంక పెడతాడు. అడిగితే "నీ మంచికే చెప్తున్నా" అంటాడు. నేనే ఎక్కువ ఫీలవుతున్నానా, లేక ఇది చులకనేనా?

జవాబు:

మా ఇంట్లో ఈ సంగతి అన్నం దగ్గర తేలింది. మియాపూర్‌లో కాపురం పెట్టిన కొత్తలో "అన్నం మెత్తగా అయింది" అనేవారు మావారు. గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్లు పోసేదాన్ని, రెండుకి తగ్గించాను. "ఇదేంటి, పలుకుగా ఉంది" అన్నారు. పావు గ్లాసు పెంచాను. "మా అమ్మ కొలవకుండానే వండుతుంది" అన్నారు. గొడవ అన్నంతో కాదని ఆ రోజు తెలిసింది.

అదే మనిషి ఒకసారి "రాత్రి గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయడం మర్చిపోతున్నావు" అన్నారు. ఒళ్లు మండింది, కానీ నిజమే. అలవాటు చేసుకున్నాను. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. పని సరిదిద్దగానే ఆగిపోయింది చూడండి, నేను పట్టుకున్న గుర్తు అదే.

తర్వాత రెండు వారాలు ఆయన అన్న మాటల్ని అన్నట్టే ఫోన్‌లో రాసుకున్నాను. నాకేమనిపించిందో రాయలేదు, అది కలిపితే లెక్క చెడుతుంది. మొత్తం 31 మాటలు. ఒక్కోదానికీ "ఇది విని రేపు నేనేం చేయాలి?" అని ప్రశ్న వేసుకుంటే తొమ్మిది మాటలకే జవాబు దొరికింది. మిగతావన్నీ "నీకు చెప్పినా ఒకటే", "నువ్వింతే", మా ఆడపడుచు ముందు ఒక నవ్వు, ఇలాంటివే.

అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ ఏళ్ల తరబడి దంపతుల మాటల తీరు గమనించాడు. పని మీద ఫిర్యాదు వేరు, మనిషి మీద నింద వేరు, చులకనగా చూస్తూ వెక్కిరించడం వేరు అన్నాడు. కాపురం చెడబోతోందనడానికి చివరిదే అన్నిటికంటే పెద్ద సూచన అని తేల్చాడు.

ఒక్క జాగ్రత్త. ఆఫీసు టెన్షన్‌లో ఉన్న మనిషి అందరి మీదా విసుక్కుంటాడు. మావారు మేనేజర్‌తోనూ వాచ్‌మన్‌తోనూ ఎంతో మర్యాదగా మాట్లాడేవారు. ఆ నోరు నా దగ్గరికి వచ్చేసరికే మారేది.

గొడవ లేని ఒక ఆదివారం రాసుకున్నవాటిలో మూడు మాటలే చదివి వినిపించి, "అన్నం గురించి చెప్పండి, నా గురించి కాదు" అన్నాను. మొదట "ఇంట్లో కోర్టు పెట్టావా" అని నవ్వారు. నేను నవ్వలేదు. రెండు రోజుల తర్వాత తనే వచ్చి, "మా నాన్న అమ్మతో ఇట్లాగే మాట్లాడేవాడు" అన్నారు. అలా తనంతట తను తలుచుకున్నారు కాబట్టే కౌన్సెలింగ్‌కి వెళ్లగలిగాం. ఆ రెండో మాట రాకపోయుంటే నా నిర్ణయం వేరే ఉండేది.

మీకు అలా చదివి వినిపించాలంటేనే భయం వేస్తే మాత్రం ఈ ప్రయోగం వద్దు. ముందు 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి మాట్లాడండి.

మా ఇంట్లో ఇప్పుడు అన్నం ఆయనే వండుతున్నారు. మెత్తగానే వస్తోంది.