రొయ్యల కాడ ఆగు తమ్మీ

తమ్మీ,

ఇస్లాం ధర్మశాస్త్రంల తీర్పులు ఎట్ల వస్తయో రాసిన నీ వ్యాసం చదివిన. భాష బాగనే ఉన్నది. కానీ సున్నీల నాలుగు మజ్‌హబ్‌ల, అంటే ధర్మశాస్త్ర సంప్రదాయాల పేర్లు, నలుగురు ఇమాముల పేర్లు, ఖురాన్, ప్రవక్త మాటలైన హదీసు, పండితుల ఏకాభిప్రాయమైన ఇజ్మా, పోల్చి తేల్చే ఖియాస్ అని వరుసగ పేర్చి, చివరికి "వీరి మధ్య చిన్న చిన్న అభిప్రాయభేదాలు ఉన్నాయి" అని ఒక్క ముక్కతోని దులుపుకున్నవ్ చూడు, అక్కడ మస్తు కోపమొచ్చింది నాకు. ఆ భేదం ఎట్ల పుట్టిందో చెప్పకపోతే స్టూడెంట్‌కు మిగిలేది పేర్లే, రేపు పరీక్షల రాసి ఎల్లుండి మర్చిపోతడు.

ఒక్క తీర్పు పట్టుకో. రొయ్య తినొచ్చా తినొద్దా, అంతే. 2018 మొదట్ల మన జామియా నిజామియా మదర్సా నుంచి రొయ్యలు తినొద్దని ఫత్వా వచ్చినప్పుడు హైదరాబాద్ అంతా నవ్వుకున్నరు, టీవీలోళ్లు రెండు రోజులు ఆడుకున్నరు. కానీ ఆ ఫత్వా వెనక పెద్ద లెక్కే ఉన్నది, అది ఎవ్వరూ చెప్పలేదు.

పాతబస్తీ దిక్కు బార్కస్‌కు పోయి అడుగు. అక్కడ నిజాం ఫౌజ్‌ల పనిచేసిన యెమెన్ హద్రమౌత్ అరబ్బుల వారసులు ఉంటరు, వాళ్లు షాఫయీ మజ్‌హబ్ వాళ్లు, రొయ్యలు వాళ్లకు హలాల్. ఎందుకంటే ఖురాన్ 5:96ల సముద్రపు వేట, దాని ఆహారం మీకు హలాల్ అని ఉన్నది. సముద్రం గురించి హదీసు కూడా ఉన్నది, దాని నీళ్లు శుద్ధమైనయి, దాంట్ల చచ్చింది హలాల్ అని. మాట అందరికీ వర్తించేటట్టు ఉన్నది, మధ్యల రొయ్యను తీసేసే ఆధారం లేదు, కాబట్టి రొయ్య లోపలనే ఉన్నది.

హనఫీ మజ్‌హబ్ వాళ్లు వేరే కాడ మొదలుపెడ్తరు. మన దేశంల ఎక్కువ మంది సున్నీలు వీళ్లే. ఖురాన్ 5:3ల చచ్చిన జంతువు హరాం అని ఉన్నది, జిబహ్, అంటే పద్ధతి ప్రకారం గొంతు కోసుడు, చెయ్యకుండ చచ్చిందంతా దాని కిందికే వస్తది. సముద్రపు జీవులను ఎవరు జిబహ్ చేస్తరు? అంటే మినహాయింపు కావాలె. అది ఇంకో హదీసుల దొరుకుతది, రెండు చచ్చినవి మాకు హలాల్ చేసిన్రు, చేప, మిడత అని. సముద్రంల నుంచి చేపకే అనుమతి. మరి 5:96 సంగతేంది అంటే, ఆ వాక్యం ఇహ్రాం దీక్షల ఉన్న హజ్ యాత్రికుల వేట గురించి, వెంటనే నేల మీద వేట వద్దంటది చూడు, కాబట్టి అది వేటకు అనుమతి గానీ దొరికిందల్లా తినుమని కాదు అంటరు. రెండు పక్షాలూ చదివేది ఆ గ్రంథమే, ఏ వాక్యాన్ని మూలంగ పెట్టుకోవాలె, దేన్ని దానికింద సర్దాలె అన్న కాడనే దారులు చీలినయి.

ఇప్పుడు అసలు చిక్కు. రొయ్య చేపనా? ఇది ఖురాన్‌ల లేదు, హదీసుల లేదు. పద్నాలుగో శతాబ్దపు ఈజిప్టు పండితుడు దమీరీ జంతువుల మీద రాసిన పుస్తకంల రొయ్యను చిన్న చేప అన్నడు, దాన్ని పట్టుకొని అష్రఫ్ అలీ థాన్వీ లాంటి హనఫీ పండితుడు తినొచ్చన్నడు. ఇంకొందరు జీవశాస్త్రం అడుగుతరు, వెన్నెముక లేదు, కీటకాల తెగలాంటిది, చేప ఎట్లయితది అని. జామియా నిజామియా తేల్చింది ఈ రెండో దారినే. ఒకే మజ్‌హబ్, తీర్పు తీసే సూత్రాలు అంటే ఉసూల్ కూడా ఒకటే, కానీ తీర్పులు రెండు, ఎందుకంటే తగాదా సూత్రం మీద కాదు, రొయ్య మీద.

ఇంకోటి, ఆ ఫత్వాల హరాం అనలేదు, దానికి ఒక మెట్టు కిందుండే మక్రూహ్ తహ్రీమీ అన్నరు. హనఫీల కాడ హరాం అనాలంటే సందేహానికి సందు లేని ఆధారం కావాలె, ఆధారంల ఊహ ఉంటే ఒక మెట్టు దిగుతరు. మనిషి మాత్రం దూరంగనే ఉండాలె. పేపర్లోళ్లు రెండిటినీ ఒక్కటే చేసి హెడ్డింగ్ పెట్టిన్రు.

నేను అప్పట్ల ఈ మెట్ల సంగతే రాసిస్తే ఒక ఎడిటర్ సారు, పేరెందుకులే, కారణాలన్నీ కొట్టేసి "ఎవరికి హలాల్, ఎవరికి కాదు" అని బాక్సు ఐటెం చేసిండు. పాఠకులకు ఓపిక ఉండదట! ఏడాది దాక ఆ పత్రికకు ఏమీ పంపలేదు నేను. ఈ బాక్సుల ఫ్యాషన్ పాడుగాను.

నువ్వు కూడా ఫత్వా ఇచ్చే ముఫ్తీ నేరుగ ఖురాన్ తెరిచి తీర్పు తీస్తడన్నట్టు రాసినవ్. అట్ల కాదు తమ్మీ. ఇయ్యాల హనఫీ ముఫ్తీ చాలావరకు ముందు హిదాయా, ఫతావా ఆలంగీరీ లాంటి పుస్తకాలల్ల తన మజ్‌హబ్‌ల స్థిరపడ్డ మాట వెతుకుతడు, మూలాల నుంచి కొత్తగ తవ్వుడు ఇమాముల పని అనుకుంటడు.

ఇంక షియాల సంగతి నీ వ్యాసంల లేనే లేదు, వాళ్లుండే దారుల్‌షిఫా పాతబస్తీలనే కదా ఉన్నది. వాళ్ల ధర్మశాస్త్రమైన జాఫరీ ఫిఖ్‌ల చేపకు పొలుసు ఉంటేనే తినాలె, పొలుసు లేని చేప వద్దు, కానీ రొయ్యకు అనుమతి ఉన్నది, వాళ్ల ఇమాముల మాటల నుంచి వచ్చిందది. తీర్పు బార్కస్‌తోని కలిసింది గానీ దారి వేరే, ఈ పేరా తప్పకుండ చేర్చు.

ట్రిపుల్ తలాఖ్ గురించి, పబ్లిషర్ గురించి అడిగినవ్, అవి తర్వాత. ముందు మూడో పేజీ మళ్ల రాసి పంపు, చచ్చి నీళ్ల మీద తేలిన చేపను హనఫీలు ఎందుకు వద్దంటరో కూడా వెతికి రాయి.

మీ అన్న