ఆ టిప్ షేరు నేనెందుకు కొననంటే

“అమ్మా, గ్రూపులో చెప్పిన షేరు రోజూ అప్పర్ సర్క్యూట్ కొడుతోంది. నీ రిటైర్మెంట్ డబ్బులో 2 లక్షలు పెట్టొచ్చుగా?”

నాన్నా, అది ఆ రోజుకు అనుమతించిన హద్దు దాకా రోజూ పెరుగుతున్నది బహుశా అమ్మేవాళ్లు లేకే. షేర్లన్నీ టిప్ పంపినవాళ్ల దగ్గరే ఉండుంటాయి.

అందరూ కొనే రోజే చూస్తారు, అమ్మే రోజు చూడరు. వాళ్లు అమ్మడం మొదలెడితే రోజుకు 5 శాతం లోయర్ సర్క్యూట్ అనుకో, అంటే ఆ రోజుకు పడగల హద్దు దాకా పడుతుంది. కొనేవాడుండడు, మన ఆర్డరు క్యూలోనే ఉండిపోతుంది. ఫలానా ధరకు పడితే అమ్మెయ్యమని స్టాప్‌లాస్ పెట్టినా అంతే. అలా 10 రోజులైతే 100 రూపాయల షేరు 60కి దిగుతుంది (లెక్కల టీచర్ని కదా, వేసి చూశాను).

నువ్వు కొనేముందు:

1. బీఎస్ఈ సైట్‌లో ASM, GSM అనే, నిఘాలో పెట్టిన షేర్ల జాబితాల్లో దాని పేరుందేమో చూడు.
2. మూడు నెలల కిందట రోజుకు ఎన్ని షేర్లు చేతులు మారేవో చూడు. వందల్లోనే ఉంటే వదిలెయ్.

నా 2 లక్షలు పోస్టాఫీసులోనే ఉంటాయి.