ఆస్ట్రేలియా యాస చెవికి అలవాటు పడాలంటే ఆరు వారాలు ఏం చేయాలి?

ప్రశ్న: ఇంజనీరింగ్ పూర్తిచేసి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి నాలుగు నెలలైంది. మా క్లయింట్ ఆస్ట్రేలియావాళ్లు. వాళ్ల మెయిల్స్ చదివితే అంతా అర్థమవుతుంది కానీ, కాల్‌లో సగం మాటలు జారిపోతున్నాయి. అమెరికన్ సినిమాలు సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఏళ్లుగా చూస్తున్నాను, అయినా ఇక్కడ ఉపయోగపడటం లేదు. రెండు నెలల తర్వాత ఈ కాల్స్ నేనొక్కడినే చూసుకోవాలి. ఈలోగా చెవిని ఎలా సిద్ధం చేసుకోవాలి?

జవాబు: వినే సమయాన్ని పెంచే ముందు, మాటలు ఎందుకు జారిపోతున్నాయో తేల్చుకోండి. ఆస్ట్రేలియా వ్యక్తి మాట్లాడిన నలభై సెకన్ల ఆడియో ఒకటి తీసుకోండి. ఆ మాటల పూర్తి పాఠం మీ దగ్గర ఉండాలి, కానీ ముందుగా దాన్ని చూడకూడదు. ఆడియోను ఆపుకుంటూ, విన్నది విన్నట్టుగా కాగితంమీద రాసి, ఆ తర్వాత అసలు పాఠంతో పోల్చి చూడండి. మీరు తప్పిన ప్రతిచోటా కారణం మూడింటిలో ఒకటై ఉంటుంది: ఆ పదమే మీకు తెలియకపోవడం, తెలిసిన పదమే వేరే అచ్చుతో వినిపించడం, లేదా చిన్న పదాలు పక్క పదాల్లో కలిసిపోవడం. మొదటిది పదజాలానికి సంబంధించినది కాబట్టి దాని సంగతి నిఘంటువు చూసుకుంటుంది. చెవికి శిక్షణ కావలసింది మిగిలిన రెండింటికే, వాటికి మందులు కూడా వేరు వేరు.

అచ్చుల సంగతి ఒక వాక్యంతో చూద్దాం. మే నెలలో మేము చెప్పిన ధర మారింది అనడానికి క్లయింట్ ‘ద రేట్ వి గేవ్ యు ఇన్ మే హాజ్ చేంజ్‌డ్’ అన్నారనుకోండి. మీ చెవికి అది దాదాపు ‘ద రైట్ వి గైవ్ యు ఇన్ మై హాజ్ చైంజ్‌డ్’ అని చేరుతుంది. ‘గైవ్’ అనే పదం ఇంగ్లిష్‌లో లేదు కాబట్టి దాన్ని మనసు సరిచేసుకోగలదు. అసలు చిక్కు ‘రైట్’, ‘మై’ అనేవాటితో వస్తుంది, ఎందుకంటే అవి రెండూ మీకు తెలిసిన పదాలే. హక్కు గురించి ఏదో అంటున్నారని మీరు ఆలోచించేలోపు వాక్యం అయిపోతుంది, తర్వాతి వాక్యం కూడా సగం గడిచిపోతుంది. వేగం ఎక్కువైందని మీకు అనిపించేది ఇలాంటి చోటే, నిజానికి అక్కడ మాట మారింది ఒక్క అచ్చులోనే.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. అదే వ్యక్తి నిజంగా ‘రైట్’ అన్నప్పుడు అది మీరు అనే ‘రైట్’ లాగా ఉండదు, కొంచెం ‘రోయిట్’ వైపు జరుగుతుంది. అంటే ఒక అచ్చు పక్క అచ్చు చోటులోకి జరిగితే, ఆ పక్క అచ్చు మరో చోటికి జరిగింది, అందువల్ల వాళ్లలో వాళ్లకు రెండు పదాల మధ్య తికమక ఉండదు. యాస అంటే విడివిడి తప్పుల పోగు కాదని, ఒక క్రమం ప్రకారం జరిగిన మార్పు అని అర్థమైతే మీ పని చాలా తగ్గుతుంది. ‘ఏ’ వినిపించవలసిన చోట ‘ఐ’ లాంటిది వస్తుందన్న ఒక్క సూత్రం చెవికి పట్టుబడితే డే, పే, డిలే, అప్‌డేట్, రిలీజ్ డేట్ అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. దీనికి తోడు, పదం చివర, హల్లు ముందు వచ్చే ‘ర్’ను వాళ్లు సాధారణంగా పలకరు. ‘సర్వర్’ అన్నది ‘సవ’కి దగ్గరగా, ‘నంబర్’ అన్నది ‘నంబ’ అని వినిపిస్తుంది. అమెరికన్ సినిమాల్లో మీ చెవి ఆనవాలుగా పట్టుకున్నది ఈ ‘ర్’నే. అది ఇక్కడ లేకపోవడం వల్ల కూడా మీ పాత అలవాటు ఆశించినంతగా సాయపడటం లేదు.

రెండోది, చిన్న పదాలు కలిసిపోవడం. మీరు మొత్తం నెపాన్ని యాసమీద పెడుతున్నారు గానీ, నా దగ్గరికి ఇలాంటి కష్టంతో వచ్చినవారి కాగితాల్లో ఎక్కువ తప్పులు ఈ రకానివే కనిపించాయి. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని నిడివి దానికి దక్కుతుంది, ‘కల’కూ ‘కాల’కూ తేడా ఆ నిడివిలోనే ఉంది. ఇంగ్లిష్‌లో వాక్యం మొత్తానికి రెండు మూడు పదాలమీదే ఊనిక పడి, మిగిలినవి నలిగిపోతాయి. ‘వి షుడ్ హావ్ సెంట్ ఇట్ ఔట్’ అని మనం కాగితంమీద చదివేది నోట్లోంచి ‘విషుడవ్ సెంటిడౌట్’ అన్నట్టు వస్తుంది. మనం ఇంగ్లిష్‌ను ఎక్కువగా కంటితో నేర్చుకున్నాం కాబట్టి, రాతలో ఉన్న ప్రతి అక్షరమూ వినబడాలని చెవి ఎదురుచూస్తుంది. ఈ కలిసిపోవడం ఆస్ట్రేలియాకే పరిమితం కాదు, మీరు రేపు ఏ దేశం క్లయింట్‌తో మాట్లాడినా ఇదే ఎదురవుతుంది. కాబట్టి ఇక్కడ పెట్టిన శ్రమ ఎక్కడికీ పోదు.

ఇక రోజువారీ సాధన. రోజుకు ఇరవై ఐదు నిమిషాలు, వారానికి ఐదు రోజులు చాలు. కానీ ఆ సమయంలో మరో పని పెట్టుకోకూడదు. ప్రయాణంలో పాడ్‌కాస్ట్ చెవిలో మోగుతూ ఉంటే అర్థమైనదే మళ్లీ అర్థమవుతుంది, జారిపోయేది అలాగే జారిపోతుంది. నలభై సెకన్ల భాగాన్ని ముందు రెండుసార్లు ఏమీ రాయకుండా వినండి. తర్వాత ఆపుకుంటూ రాయండి, ఐదుసార్లకు మించి వెనక్కి వెళ్లవద్దు. పాఠంతో పోల్చి తప్పులను గుర్తించాక, అసలైన పని మొదలవుతుంది: తప్పిన చోటికి వెళ్లి, సరైన మాటలను కంటితో చూస్తూ, ఆ శబ్దంలో ఆ మాటలు నిజంగా వినబడేవరకూ మళ్లీ మళ్లీ వినండి. చాలామంది సరైన జవాబు చూసి, ఓహో ఇదా అనుకుని ముందుకు వెళ్లిపోతారు. అప్పుడు తెలిసింది కంటికే, చెవికి కాదు. చివరగా కాగితం మూసేసి ఒకసారి విని, రెండు మూడు నిమిషాలు ఆ వ్యక్తి వెంటే, అదే ఊనికతో, అదే చోట మింగుతూ పలకండి. మీరు ఆ యాసలో మాట్లాడాలని కాదు, ఆ నలుగుడు నాలుకకు తెలిస్తే చెవి దాన్ని తేలిగ్గా గుర్తుపడుతుంది.

ఆడియో వేగాన్ని తగ్గించుకోవడం గురించి ఒక హెచ్చరిక. ఒక తప్పు ఎక్కడ ఉందో వెతకడానికి ముప్పావు వేగం పనికొస్తుంది, కానీ సాధన అంతా దానిమీదే సాగితే కాల్‌లో పనికిరాదు. వేగం తగ్గించినంత మాత్రాన కలిసిపోయిన మాటలు విడిపోవు, కలిసిపోయిన శబ్దమే సాగుతుంది. తప్పు దొరకగానే అసలు వేగానికి తిరిగి రండి.

సబ్‌టైటిల్స్ విషయంలో మీరు చేస్తున్న పనిలో మేలూ ఉంది, లోపమూ ఉంది. 2009లో హోల్గర్ మిటరర్, జేమ్స్ మెక్వీన్ అనే పరిశోధకులు డచ్ మాట్లాడేవారికి స్కాట్లండ్, ఆస్ట్రేలియా యాసలున్న దృశ్యాలు చూపించి పరీక్షించారు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూసినవారు ఆ తర్వాత ఆ యాసను మెరుగ్గా పట్టుకోగలిగారు. తమ మాతృభాష సబ్‌టైటిల్స్‌తో చూసినవారికి, కొత్త మాటలు వినవలసి వచ్చినప్పుడు, అవి సాయపడకపోగా అడ్డయ్యాయి. ఇంగ్లిష్ అక్షరాలు విన్న శబ్దాన్ని ఏ పదానికి జతచేయాలో చెబుతాయి, మాతృభాష అక్షరాలు అర్థం చెప్పేసి శబ్దాన్ని వదిలేలా చేస్తాయి. కాబట్టి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉంచుకోండి, కానీ ముందు అవి లేకుండా విని, ఆ తర్వాతే వాటిని చూడండి. యంత్రం తనంతట తాను తయారుచేసే క్యాప్షన్లు కొత్త యాస దగ్గర తప్పులు చేస్తాయి కాబట్టి, మనుషులు రాసిన పాఠం ఉన్న ఇంటర్వ్యూలు, ఉపన్యాసాలు ఎంచుకోండి. పార్లమెంటు ప్రసంగాల ముద్రిత పాఠం మాత్రం వద్దు. అందులో మాటలను సరిదిద్ది ముద్రిస్తారు, దానితో పోల్చితే మీరు సరిగ్గా విన్నది కూడా తప్పుగా కనిపిస్తుంది.

మొదటి రెండు వారాలు ఒకే వ్యక్తి గొంతు వినండి. ఆ గొంతు అలవాటయ్యాక యాస వచ్చేసిందని అనిపిస్తుంది, అక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. మీకు అలవాటైంది ఆ మనిషి, ఆ యాస ఇంకా కాదు. యాన్ బ్రాడ్లో, టెస్సా బెంట్ 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఒకే యాస గల పలువురిని విన్నవారే ఆ యాసలో మాట్లాడే కొత్త వ్యక్తిని మెరుగ్గా అర్థం చేసుకున్నారు. అందుకని మూడు, నాలుగు వారాల్లో కనీసం నలుగురి గొంతులు మార్చండి. వారిలో స్త్రీలు, పురుషులు, పెద్దవయసువారు, చిక్కని యాసతో మాట్లాడేవారు ఉండాలి. జార్జ్ మేసన్ యూనివర్సిటీవారి స్పీచ్ యాక్సెంట్ ఆర్కైవ్ ఇందుకు చక్కని సాధనం. అక్కడ అందరూ ‘ప్లీజ్ కాల్ స్టెల్లా’ అని మొదలయ్యే 69 పదాల పేరానే చదువుతారు, కాబట్టి మాట మారకుండా యాస ఒక్కటే ఎలా మారుతుందో వినవచ్చు. అయితే అది చదివిన ఇంగ్లిష్, మాట్లాడిన ఇంగ్లిష్ కాదు. అచ్చులకు పనికొస్తుంది గానీ, మాటలు కలిసిపోయే తీరు అందులో తక్కువ.

ఐదు, ఆరు వారాల్లో ఇద్దరు ముగ్గురు మాట్లాడుకునే చర్చలకు వెళ్లండి, ఒక్కసారే విని సారాంశం రాయండి. కంపెనీ అనుమతి ఉంటే, మీ క్లయింట్ పాత కాల్ రికార్డింగులకు మించిన సామగ్రి లేదు. అనుమతి లేకుండా మాత్రం వాటిని ముట్టుకోవద్దు. ఈ దశలో మాట్లాడే రాగాన్ని కూడా గమనించండి. చాలామంది ఆస్ట్రేలియన్లు మామూలు విషయం చెబుతూనే వాక్యం చివర స్వరం పైకి లేపుతారు, మనకు అది ప్రశ్నలా వినిపించి జవాబు వెతుక్కుంటాం. ‘వి టెస్టెడ్ ఇట్ ఆన్ ఫ్రైడే’ అని స్వరం లేచినా, వాక్యం ‘డిడ్’తోనో ‘హావ్’తోనో మొదలవలేదు కాబట్టి అది చాలావరకు ప్రశ్న కాదు, మీరు వింటున్నారా అని చూసుకోవడమే.

సాధన ఫలిస్తోందో లేదో తెలుసుకోవడానికి, రెండు వారాలకోసారి మీరెప్పుడూ వినని గొంతులో ఒక నిమిషం తీసుకుని, అన్నిసార్లూ ఒకే పద్ధతిలో రాసి, తప్పిన పదాలను పైన చెప్పిన మూడు రకాలుగా లెక్కపెట్టండి. మొత్తం తగ్గకపోయినా, అచ్చుల తప్పులు తగ్గి కలిసిపోయిన పదాల తప్పులు మిగిలితే సాధన సరైన దారిలోనే ఉంది, ఇకపై నలభై సెకన్ల భాగాలను చదివిన మాటల నుంచి కాక, ముచ్చట్ల నుంచి తీసుకోండి. తెలియని పదాలే ఎక్కువగా ఉంటే, ఉదాహరణకు మధ్యాహ్నాన్ని ‘ఆర్వో’ అనడం లాంటివి, వాటి జాబితా విడిగా రాసుకోండి.

చెవి ఎంత పదునెక్కినా ఒక హద్దు ఉంది. పాత తరహా ఫోన్ లైను సుమారు 300 నుంచి 3,400 హెర్ట్‌జ్ వరకే శబ్దాన్ని మోస్తుంది, ‘స’ను ‘ఫ’ నుంచి వేరుచేసే శబ్దంలో ఎక్కువ భాగం దానికి పైన ఉంటుంది. అలాంటి లైనులో అక్కడివారికే ‘ఎఫ్’, ‘ఎస్’ తేడా చాలాసార్లు తెలియదు. వీలైనప్పుడల్లా ఇంటర్నెట్ కాల్, మంచి హెడ్‌సెట్ వాడండి. పేర్లు, అంకెలు, తేదీలు మాత్రం ఏ లైనులోనైనా తిరిగి చెప్పించుకోండి. అలా అడిగేటప్పుడు ‘సారీ?’ అని ఊరుకుంటే, వాళ్లు మళ్లీ అదే వాక్యాన్ని అదే వేగంతో చెబుతారు. మీకు అందినంతవరకు మీరే చెప్పి, అందని ఒక్క ముక్కనే అడగండి: ‘ద రేట్ ఫర్ మే హాజ్ చేంజ్‌డ్, ఈజ్ దట్ రైట్?’ అంటే వాళ్లు సరిదిద్దవలసింది ఒక్క పదమే అవుతుంది, అది మీ చెవికి ఆ రోజు దొరికే అదనపు పాఠం కూడా. కాల్ అయ్యాక అలా అడిగిన చోట్లను తేదీవారీగా రాసి ఉంచుకుని, మర్నాటి ఇరవై ఐదు నిమిషాలను వాటిలోని అచ్చుతోనో, కలయికతోనో మొదలుపెట్టండి.