నేవీ బ్లూ, నలుపు, ముదురు బ్రౌన్ బట్టలను తేడా పట్టడం ఎలా?

ప్రశ్న: బీరువాలోంచి తీస్తే మూడు ప్యాంట్లూ నల్లగానే కనిపిస్తున్నాయి. ఏది ఏ రంగో కచ్చితంగా తెలుసుకునేదెలా?

పగటిపూట కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి. పసుపు బల్బు వెలుతురులో నీలం పాలు తక్కువ కాబట్టి, దాని కింద నేవీ తన నీలాన్ని చూపించలేక నల్లగా కనిపిస్తుంది. నేరుగా ఎండ పడే చోటు మాత్రం వద్దు, బట్ట మెరుపు రంగును మింగేస్తుంది.

ఇప్పుడు శుభ్రమైన తెల్లటి కాటన్ గుడ్డ పరిచి, మూడింటినీ దాని మీద అంచులు తగిలేలా పక్కపక్కనే పెట్టండి. గోడ, టేబుల్ రంగులు కంటిని తప్పుదారి పట్టిస్తాయి. తెలుపు పక్కన ఉంటే నేవీలో నీలం, బ్రౌన్‌లో ఎరుపు లేదా పసుపు ఛాయ బయటపడతాయి. గుడ్డ పాతబడి పసుపెక్కితే పనికిరాదు. వెల్వెట్, కార్డ్రాయ్ అయితే నూగు అన్నింటికీ ఒకే దిక్కున ఉండాలి, లేకపోతే ఒకే రంగు రెండుగా కనిపిస్తుంది.

అప్పటికీ తేలకపోతే నాకు బాగా నమ్మకమైన పద్ధతి ఒకటుంది. ప్యాంటు లోపలి కుట్టు దగ్గర మిగులు బట్ట అంచు నుంచి ఒక్క పోగు లాగి తెల్ల గుడ్డ మీద పెట్టండి (కుట్టుదారం కాదు, దాని రంగు వేరుగా ఉండొచ్చు). పలచటి పోగు చుట్టూ తెలుపే ఉంటుంది కాబట్టి మడతలో దాగిన నీలమో గోధుమో తేలిగ్గా తెలుస్తుంది.

ఒక్క చిక్కుంది: బాగా వెలిసిన నలుపు కూడా కాస్త బ్రౌన్‌గా మారుతుంది. అందుకే వెలుతురు తగలని జేబు లోపలి అంచునో, మడిచి కుట్టిన కింది అంచునో కూడా చూడండి. అక్కడ నల్లగా ఉంటే అది నలుపే.